పట్టికలో అంకెలు: అనువాదానికి కూర్చునే ముందు తేల్చుకోవలసినవి

జీవన ఎరువుల గురించిన ఒక చిన్న పుస్తకం తెలుగు ప్రతి అచ్చయి వచ్చాక, పరకాల వైపు ఒక గ్రామంలో పెద్దాయన ఒకరు అందులోని పట్టిక మీద వేలు పెట్టి నన్ను అడిగారు. "అమ్మా, గ్రాముకు ఐదు వందల ముప్పై ఐదు కణాలేనా ఉండేది? ఇంత పొడి కలిపితే అవి ఎన్ని విత్తనాలకు అంటుతాయి?" పట్టికలో 5 × 107 అని ఉంది. ఆయన శ్రద్ధగా హెచ్చవేసి 535 అన్నారు. మూలంలో ఉన్నది 5 × 10⁷, అంటే ఐదు కోట్లు. రైజోబియం పొడిలో గ్రాముకు కనీసం ఉండవలసిన బతికున్న కణాల సంఖ్య అది. పైకి ఎక్కి ఉండవలసిన 7 ఒక ఫైలు నుంచి మరో ఫైలుకు మారేటప్పుడు కిందికి దిగిపోయింది. అనువాదం నాది, ప్రూఫు చూసినదీ నేనే. మాటలన్నీ రెండుసార్లు చదివాను, అంకెలను మాత్రం చదవలేదు.

ఆ రోజు నుంచి పట్టికలున్న ఏ పని చేతికొచ్చినా ముందుగా అంకెల సంగతి తేల్చుకున్నాకే అనువాదం మొదలుపెడుతున్నాను. హనుమకొండలో కూర్చుని నేల పరీక్షలు, విత్తనాలు, ఎరువుల మీద శాస్త్రవేత్తలు ఇంగ్లీషులో రాసిన పట్టికలను రైతుల కోసం తెలుగు చేయడం నా పని. ఉదాహరణలన్నీ అక్కడివే. మీ పని వైద్యమైనా, వాతావరణమైనా, పదో తరగతి భౌతికశాస్త్రమైనా వరుస ఇదే.

ముందు ప్రతి సంఖ్యా ఏ పని చేస్తోందో చూడండి

చాలామంది "తెలుగు అంకెలు వాడాలా, మామూలు అంకెలు వాడాలా" అనే ప్రశ్నతో మొదలుపెడతారు. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ గడిలోని సంఖ్య ఇక్కడ ఏం చేస్తోంది? మూల పట్టికను కాగితం మీద అచ్చు తీసుకుని, పెన్సిలుతో ప్రతి నిలువు వరుస పైనా ఒక అక్షరం రాయండి. కొలిచి తెచ్చిన విలువైతే "కొ". మనుషులనో మొక్కలనో లెక్కపెట్టి రాసినదైతే "లె". వరుస క్రమమైతే "వ". పేరులో భాగమైతే "పే".

ఈ నాలుగింటిలో జనం తరచుగా జారిపడేది చివరిదాని దగ్గర. వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన డబ్ల్యూజీఎల్-44 వరిని రైతులు సిద్ధి అంటారు. వరంగల్ సన్నాలు అని పిలిచేది డబ్ల్యూజీఎల్-32100. ఈ 44, ఈ 32100 పేరులో భాగాలు, వాటితో ఎవరూ లెక్క కట్టరు. కామాలు సరిదిద్దే తొందరలో 32100 కాస్తా 32,100 అయిందంటే ఆ రకం పేరే మారిపోయినట్టు. 18-46-0 అనే డీఏపీ పేరూ అంతే. అందులోని ప్రతి అంకెకూ అర్థముంది, అది పోషకాల శాతం. కానీ దుకాణంలో రైతు అడిగేది మాత్రం ఆ మొత్తాన్ని ఒక పేరుగానే. కాబట్టి "పే" గుర్తు పడినవి మూలంలో ఎలా ఉంటే అలాగే ఉండాలి. కామా పెట్టకూడదు, మాటల్లోకి మార్చకూడదు, తెలుగు అంకెల్లోకీ మార్చకూడదు.

వరుస క్రమం సంగతి చిన్నది. పట్టిక మొదటి నిలువు వరుసలో 1, 2, 3 చాలు. కింది వాక్యంలో దాన్ని ప్రస్తావించేటప్పుడు "3వ వరుస" అంటారో "మూడో వరుస" అంటారో ఒకటి నిర్ణయించుకుని పుస్తకమంతా అదే పాటించండి. నేను "3వ" రాస్తాను. చదివేవారు పట్టికలో వెతికేది 3 అనే గుర్తునే కాబట్టి వాక్యంలోనూ ఆ గుర్తే ఉండాలి.

గడుల్లో ఏ అంకెలు

కొలతలకూ లెక్కలకూ గడుల్లో 0 నుంచి 9 వరకు ఉన్న మామూలు అంకెలే వాడండి. దీనికి నేను చెప్పే కారణాలు అభిమానానికి సంబంధించినవి కావు. ౧, ౨, ౩ అంటే నాకు ఎంతో ఇష్టం. మా ఇంట్లో పాత పంచాంగాలు వాటితోనే చదివాను. అయినా కొలతల పట్టికలో అవి మూడు చోట్ల ఇబ్బంది పెడతాయి.

మొదటిది సున్నా. తెలుగు సున్నా ౦, అనుస్వారం ం కంటికి దాదాపు ఒకటే. కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేర్వేరు గుర్తులు. యూనికోడ్‌లో అనుస్వారం స్థానం U+0C02, సున్నాది U+0C66. పాత కాగితాన్ని చూసి టైపు చేసేవారు ౧౦ రాయబోయి ౧ పక్కన అనుస్వారం కొట్టేస్తారు. అచ్చులో ఏ తేడా కనబడదు. ఆ ఫైలును మరొకరు లెక్కకు వాడినప్పుడు మాత్రం ఆ గడి పనిచేయదు, ఎందుకు పనిచేయడం లేదో ఎంత చూసినా కంటికి దొరకదు.

రెండోది, మా పెద్దాయన పట్టుకున్న ఘాతాంకం. మామూలు అంకెలకు యూనికోడ్‌లో ⁰ నుంచి ⁹ వరకు పైకెక్కిన రూపాలు విడిగా ఉన్నాయి, ₀ నుంచి ₉ వరకు కింది రూపాలూ ఉన్నాయి. ఈ 10⁷ ను ఎక్కడికి నకలు చేసినా అది 10⁷ గానే ఉంటుంది. తెలుగు అంకెలకు అలాంటి రూపాలు లేవు. పైకి ఎక్కించాలంటే వర్డ్ ప్రాసెసర్‌లో ఆకృతి మార్చాలి, సాదా పాఠంగా నకలు చేయగానే ఆ ఆకృతి రాలిపోతుంది. మామూలు అంకెను కూడా ఆకృతితోనే పైకి ఎక్కిస్తే అదే గతి, నా పుస్తకంలో జరిగింది అదే. అందుకే ఘాతాంకాలకూ, P₂O₅ లాంటి సూత్రాలకూ ఎప్పుడూ ఆ విడి గుర్తులనే వాడండి.

మూడోది పాఠకులు. ఇప్పుడు బడి చదువు చదివినవారిలో చాలామందికి ౬, ౭, ౮ దగ్గర ఒక్క క్షణం ఆగవలసి వస్తుంది. చిన్న అక్షరాల్లో ౨ కూ ౩ కూ తేడా పట్టుకోవడమూ కష్టమే. పద్యం సంఖ్య దగ్గర ఆ ఆగడం వల్ల నష్టం లేదు. ఎకరాకు ఎన్ని గ్రాముల మందు కలపాలో చెప్పే గడిలో ఆగితే నష్టమే.

తెలుగు అంకెలు రాయకపోతే భాషకు తక్కువ చేసినట్టవుతుందని అనేవారు ఉన్నారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ 0 నుంచి 9 వరకు అంకెలు కూడా పుట్టింది మన దగ్గరే. రాజ్యాంగం 343వ అధికరణ కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలకు వాటిని నిర్ణయిస్తూ "భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం" అనే పిలిచింది. తెలుగు అంకెలకు పుస్తకంలో మంచి చోటే ఇవ్వవచ్చు: ముందుమాట పుటల సంఖ్యలు, అధ్యాయాల సంఖ్యలు. పాత దస్తావేజునో తాళపత్రాన్నో ఉటంకించేటప్పుడైతే అందులో ఉన్న అంకెలను ఉన్నట్టే ఇచ్చి, పక్కన మామూలు అంకెల్లో కూడా ఇవ్వాలి. లెక్క కట్టే చోట మాత్రం వద్దు. ముఖ్యంగా ఒకే పట్టికలో రెండు రకాలూ కలవకూడదు.

అలా కలవడం చాలా సులువు. ఒకరు ఫోనులో టైపు చేస్తారు, ఆ కీబోర్డు తెలుగు అంకెలు ఇస్తుంది. మరొకరు కంప్యూటరులో మామూలు అంకెలు కొడతారు. ఇద్దరి వరుసలూ ఒకే పట్టికలోకి చేరతాయి. పని పంచుకునేటప్పుడే ఈ మాట అందరికీ చెప్పాలి.

ఇంకొక చిక్కు లిపిది. తెలుగు అక్షరాలకు ఒక ఫాంటు, ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటు విడివిడిగా పెట్టుకునే వర్డ్ ప్రాసెసర్లలో అంకెలు తమ పక్కనున్న అక్షరాల ఫాంటును అనుసరించడం ఉంది. ఒక గడిలో "25 కిలోలు", ఇంకొక గడిలో వట్టి "25" ఉంటే ఆ రెండు 25లు రెండు ఎత్తుల్లో కనిపిస్తాయి. దీనికి మందు తేలిక. కొలమానాన్ని శీర్షికలోకి ఎక్కించండి, గడిలో అంకె ఒక్కటే మిగలనివ్వండి. అలా చేస్తే దశాంశ బిందువులు కూడా ఒకదాని కింద ఒకటి చక్కగా నిలబడతాయి.

మాటల్లో ఎప్పుడు రాయాలి

పట్టిక లోపల సంఖ్యలను మాటల్లో రాయకండి. మాటకు ఉన్న గుణమే అక్కడ లోపమవుతుంది, అది విలువను గుండ్రం చేసేస్తుంది. సేంద్రియ కర్బనం 0.50 శాతం అని ప్రయోగశాల ఇచ్చిందంటే శాతంలో నూరో వంతు దాకా కొలిచామని అర్థం. దాన్ని "అర శాతం" అన్నారంటే ఆ జాగ్రత్త పోయింది. ఇక్కడ అది ఊరికే పోయేది కాదు, ఎందుకంటే 0.50 కంటే తక్కువైతే "తక్కువ" తరగతి, 0.50 నుంచి 0.75 వరకు "మధ్యస్థం". స్ప్రెడ్‌షీట్ కూడా మీకు తెలియకుండా చివరి సున్నా తీసేసి 0.5 చేస్తుంది. ఆ నిలువు వరుసకు సంఖ్య ఆకృతి `0.00` అని ముందే పెట్టండి.

పట్టిక కింద రాసే వివరణ వాక్యాల్లో మాత్రం మాటలు కావాలి, అక్కడ తెలుగు వ్యాకరణం తన హక్కు అడుగుతుంది. "3 రైతులు" అని తెలుగులో అనం, ముగ్గురు రైతులు అంటాం. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అలా ఏడుగురి దాకా మాటల్లో రాసి, ఆపైన "8 మంది", "12 మంది" అని అంకెకు మారడం నాకు కుదిరిన పద్ధతి. పట్టిక గడిలో ఈ బాధ లేదు, "రైతుల సంఖ్య" అని శీర్షిక ఉంటే కింద 3 అని వేస్తే చాలు.

భిన్నాల దగ్గర ఒక మాట. పావు, అర, ముప్పావు, ఒకటిన్నర ఇవన్నీ రైతు నోట రోజూ తిరిగే కొలతలు. "ఎకరాకు పావు కిలో" అని వివరణలో రాయడం మంచిదే, దాని పక్కనే 250 గ్రాములు అని కూడా ఉండాలి. పట్టికలో 250 ఒక్కటే. అంకెకు మాట అతికించి "2న్నర" అని రాసేవారున్నారు, అది వద్దు. రెండున్నర అనో 2.5 అనో రాయండి.

ప్రత్యయాలను అంకెకు అంటించే రాయండి: 25కు, 2019లో, 280కి. మధ్యలో ఖాళీ వదిలితే వరుస చివర అంకె ఒక పక్క, "కు" ఒక పక్క పడిపోతాయి. శీర్షికల్లో %, వాక్యంలో "శాతం". "10 నుంచి 15" అనేది వాక్యానికి, 10–15 అనేది గడికి. గడిలో మామూలు చిన్న గీత కొట్టారంటే కొన్ని స్ప్రెడ్‌షీట్లు 10-12ను డిసెంబరు 10వ తేదీగా మార్చేస్తాయి, అందుకని పొడవు గీత వాడండి లేదా ఆ గడులను ముందే పాఠం రకంగా పెట్టండి.

పెద్ద సంఖ్యలకు మూలం మిలియన్లలో ఉంటుంది. మనకు లక్షలు, కోట్లు ఉన్నాయి. 1.25 మిలియన్ టన్నులంటే 12.5 లక్షల టన్నులు. మూడు అంకెల నిక్కచ్చితనం అక్కడా ఇక్కడా అలాగే నిలిచింది, చూడండి. శీర్షికలో "లక్షల టన్నులు" అని ఒకసారి రాసి గడుల్లో 12.5 వేయండి. పూర్తి సంఖ్య రాయవలసి వస్తే కామాలు మన పద్ధతిలో 12,50,000. ఇంగ్లీషు పద్ధతి 1,250,000 ఒక్కటి కూడా మిగలకూడదు. 10⁷ లాంటివి గడిలో అలాగే ఉంచి కింద ఒక వాక్యం చేర్చండి: "5 × 10⁷ అంటే 5 కోట్లు." 10⁷ సరిగ్గా కోటి కావడం మనకు కలిసొచ్చిన సంగతి. ఆ వాక్యమే నా పుస్తకంలో ఉండి ఉంటే పెద్దాయన తప్పును చదవగానే పట్టేవారు.

చుక్క తర్వాత ఏముంది: ఒక పట్టికను పూర్తిగా చేసి చూద్దాం

తెలంగాణలో పనిచేసే అనువాదకులు అందరికంటే ఎక్కువ భయపడవలసింది చుక్కకు. మన దగ్గర భూమి ఎకరాలు, గుంటల్లో నడుస్తుంది. ఎకరానికి 40 గుంటలు. రెండు ఎకరాల ఇరవై గుంటలను కాగితం మీద 2.20 అనో 2-20 అనో రాసుకుంటారు. ఆ చుక్క దశాంశ బిందువు కాదు. 2.20 అంటే ఇక్కడ రెండున్నర ఎకరాలు.

నేల పరీక్ష మీద రాసిన ఒక పట్టికను ఉదాహరణగా తీసుకోండి. మూడు పొలాలు. క్షేత్రంలో నమూనాలు తీసినవారు విస్తీర్ణాన్ని 2.20, 1.10, 3.30 అని రాసుకొచ్చారు. ఇంగ్లీషు పట్టిక చేసినవారు శీర్షికలో "ఎకరాలు" అనే అర్థం వచ్చే మాట పెట్టి ఆ అంకెలను అలాగే ఎక్కించారు. మొత్తం గడిలో స్ప్రెడ్‌షీట్ 6.60 అని కూడింది. ఆ 6.60 ఎకరాలను హెక్టార్లలోకి మారిస్తే 2.67.

అసలు లెక్క ఇది. 2 ఎకరాల 20 గుంటలు, 1 ఎకరం 10 గుంటలు, 3 ఎకరాల 30 గుంటలు కలిపితే 6 ఎకరాల 60 గుంటలు. 60 గుంటల్లో 40 ఒక ఎకరమవుతాయి, కాబట్టి 7 ఎకరాల 20 గుంటలు. ఎకరం 0.4047 హెక్టారు కాబట్టి ఏడున్నర ఎకరాలు 3.04 హెక్టార్లు. తేడా 0.9 ఎకరం, అంటే 36 గుంటలు. ఎరువు లెక్క కట్టేటప్పుడు అంత నేల కనబడకుండా పోయింది.

ఇలాంటిది మీ ముందుకు వస్తే ఎలా గుర్తుపట్టాలి? విస్తీర్ణం వరుసను పై నుంచి కిందికి చదువుతూ చుక్క తర్వాతి భాగాన్ని మాత్రమే చూడండి. పది ఇరవై గడులున్న పట్టికలో ఆ భాగం ఎక్కడా 39 దాటకపోతే అవి గుంటలే అయి ఉండవచ్చు. నిజమైన దశాంశాలైతే .50, .75, .80 లాంటివి ఎక్కడో ఒకచోట తప్పక తగులుతాయి. మొత్తం గడిలో మాత్రం 6.60 లాంటిది కనిపించిందంటే అనుమానం ఇంకా బలపడుతుంది, ఎందుకంటే గడులన్నీ గుంటలై, కూడిక దశాంశాల్లో జరిగిందన్నమాట. ఇక్కడ మూడే గడులున్నాయి కాబట్టి నేనైతే ఊహతో ఆగను, పట్టిక ఇచ్చినవారికి ఫోను చేసి "2.20 అంటే ఎన్ని గుంటలు?" అని అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో సందేహం తీరుతుంది.

చివరి సున్నా ఇక్కడా దెబ్బ కొడుతుంది. 2.20 ను స్ప్రెడ్‌షీట్ 2.2 చేసిందంటే చదివేవారు దాన్ని రెండు ఎకరాల రెండు గుంటలు అనుకుంటారు. అందుకే నేను ఎకరాలకూ గుంటలకూ రెండు నిలువు వరుసలు వేస్తాను, చుక్క అవసరమే రాకుండా. శాస్త్రానికి కావలసిన హెక్టార్లు మూడో వరుస. తెలుగులో పూర్తయిన పట్టిక ఇలా ఉంటుంది:

| పొలం | ఎకరాలు | గుంటలు | హెక్టార్లు | సేంద్రియ కర్బనం (%) | లభ్య నత్రజని (కిలోలు/హెక్టారు) |
|---|---|---|---|---|---|
| 1 | 2 | 20 | 1.01 | 0.48 | 213 |
| 2 | 1 | 10 | 0.51 | 0.50 | 264 |
| 3 | 3 | 30 | 1.52 | 0.76 | 301 |
| మొత్తం | 7 | 20 | 3.04 | | |

దీని కింద రాసే వాక్యం: "మూడు పొలాల్లో రెండింటిలో నత్రజని తక్కువగా ఉంది. 3వ పొలంలో 280 కిలోలు దాటింది కాబట్టి అది మధ్యస్థ తరగతిలోకి వస్తుంది." పొలాలను లెక్కపెట్టిన చోట మాట, పట్టికలో వెతకవలసిన చోట అంకె, కొలత దగ్గర అంకె. "రెండింటిలో" అనేది తెలుగు విభక్తి కోరుకున్న రూపం, దాన్ని "2లో" అని రాస్తే ఎవరి చెవికీ ఆనదు.

పట్టికలో ఖాళీగా ఉన్న రెండు గడులనూ గమనించండి. కర్బనం శాతాలను కూడితే అర్థం లేదు కాబట్టి అక్కడ ఏమీ వేయలేదు. కానీ కొలవకుండా వదిలేసిన విలువ ఉంటే ఆ గడిని ఖాళీగా ఉంచకండి, సున్నా అసలే వేయకండి. "కొలవలేదు" అని రాయండి. 0 అంటే కొలిచాం, ఏమీ లేదని తేలింది అని అర్థం.

ఒక కాగితం మీద నిర్ణయాలు

పైన చెప్పినవన్నీ మీ పనికి తగ్గట్టు తేల్చుకుని ఒక కాగితం మీద రాసి, పని పంచుకున్న అందరికీ ఇవ్వండి. నాది పావు పేజీ కూడా ఉండదు. గడుల్లో 0–9 మాత్రమే. కామాలు 12,50,000 పద్ధతిలో, నాలుగంకెల సంఖ్యకూ కామా ఉంటుంది, సంవత్సరాలకూ రకాల పేర్లకూ ఉండదు. కొలమానం శీర్షికలో. ప్రతి నిలువు వరుసకూ దశాంశ స్థానాలు మూలంలో ఉన్నన్నే. అచ్చు ప్రతిలో రుణ సంఖ్యకు − గుర్తు, లెక్క కట్టే స్ప్రెడ్‌షీట్‌లో మాత్రం చిన్న గీతే. ఎకరాలు, గుంటల్లో రాసే విస్తీర్ణంలో చుక్క వాడకూడదు. సంఖ్యలను మాటల్లో రాసే వర్ణక్రమం కూడా అందులోనే: ఐదు, ఇరవై, యాభై, డెబ్బై. "అయిదు" అని రాసేవారిది తప్పేమీ కాదు, కానీ ఒక పుస్తకంలో రెండూ ఉంటే వెతుకులాటలో సగం దొరకవు.

గడిలో సంఖ్య పక్కన అధోజ్ఞాపిక గుర్తుగా పైకెక్కిన 1 వేయకూడదనేది కూడా రాసుకోండి. 213¹ ను చూసినవారు దాన్ని ఘాతాంకం అనుకుంటారు. నక్షత్రం గుర్తు * వేస్తే ఆ ప్రమాదం లేదు.

పని ముగిశాక తనిఖీ

మొదట తెలుగు అంకెలు ఎక్కడైనా మిగిలాయేమో వెతకండి. లిబ్రె ఆఫీస్‌లో వెతికే పెట్టె తెరిచి, `Regular expressions` అనే గడి టిక్ చేసి, `[౦-౯]` అని వెతికితే అన్నీ దొరుకుతాయి. ఫైళ్లు చాలా ఉంటే పైథాన్‌లో ఈ నాలుగు వరుసలు చాలు:

```python
import re
for n, line in enumerate(open("table.csv", encoding="utf-8"), 1):
    if re.search("[౦-౯]|[0-9]ం", line):
        print(n, line.strip())
```

నిలువు గీత తర్వాతి భాగం అంకె వెనక చేరిన అనుస్వారాన్ని పట్టుకోవడానికి. ఇక్కడ `\d` వాడితే పని జరగదు. పైథాన్ దృష్టిలో తెలుగు అంకెలు కూడా అంకెలే, `\d` రెండింటినీ ఒకటిగానే చూస్తుంది. దొరికినవాటిని ఒకేసారి గంపగుత్తగా మార్చకండి, ఒక్కొక్కటే చూడండి. పాత దస్తావేజు నుంచి ఉటంకించినది అందులో ఉండవచ్చు, అది మారకూడదు.

తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో పట్టిక పక్కన ఒక ఖాళీ వరుస తీసుకుని `=ISNUMBER(B2)` వేసి కిందికి లాగండి. ఖాళీ గడులు, "కొలవలేదు", 10–15, 5 × 10⁷ లాంటివి పోను FALSE వచ్చిన ప్రతి గడిలో అంకెలా కనబడే అక్షరాలేవో ఉన్నాయి: తెలుగు అంకె కావచ్చు, అనుస్వారం కావచ్చు, 0 బదులు ఇంగ్లీషు O కావచ్చు, వెనక ఒక ఖాళీ కావచ్చు. తెలుగు అంకెలను కొన్ని ప్రోగ్రాములు సంఖ్యగానే తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. మీ దగ్గరున్నది ఏ రకమో ఈ పరీక్షతోనే తెలుస్తుంది. దీన్ని వదిలేస్తే వచ్చే చిక్కేమిటంటే, `SUM` అలాంటి గడులను ఏ హెచ్చరికా లేకుండా దాటేసి మిగతావాటినే కూడుతుంది. మొత్తం తప్పని ఎవరికీ అనుమానం రాదు.

చివరిది ఇద్దరు కూర్చుని చేసే పని. ఒకరి చేతిలో మూలం, ఇంకొకరి చేతిలో అనువాదం. మూలం పట్టుకున్నవారు ప్రతి గడినీ పైకి చదవాలి, చుక్కలూ సున్నాలూ సహా: "సున్నా పాయింట్ ఐదు సున్నా", "ఐదు ఇంటూ పది, ఘాతం ఏడు." రెండోవారు టిక్ పెడుతూ పోవాలి. గడులను అడ్డంగా కాకుండా నిలువుగా చదవండి. అడ్డంగా చదివితే మనసు అర్థం వెంట పరుగెడుతుంది, నిలువుగా చదివితే అంకెను అంకెగా చూస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో మూలం చదివేది మా అమ్మాయి, టిక్ పెట్టేది నేను. పదిహేను వరుసలు దాటగానే లేచి నీళ్లు తాగి వచ్చి, ఆపిన చోటికి రెండు వరుసలు పై నుంచి మళ్లీ మొదలుపెడతాం.